చువ్వ, సలాక, కమ్మి

భాషను గురించి వ్రాయడానికి మేము పండితులము కాము. మేము చదివినది లోహశాస్త్రం. ముప్పది సంవత్సరాలుగా చేస్తున్నది ఇనుముతో కాపురం. అయినప్పటికీ 2017వ సంవత్సరం చలికాలమంతా, రాయ్‌పూర్‌లోని మా కార్యాలయంలో ఒకే ఒక కాగితాన్ని ఎదురుగా పెట్టుకొని, అందులోని నాలుగైదు మాటలతో మేము పడిన పాట్లు ఏ కర్మాగారంలోనూ పడి ఉండలేదు. ఆ ముచ్చట మన పత్రిక పాఠకులకు, ముఖ్యంగా ఇంట తెలుగు మాట్లాడుతూ బయట హిందీతో బ్రతుకుతున్న మావంటి కుటుంబాలకు, చెప్పుకొనదగినదని తోచి ఇది వ్రాస్తున్నాము.

సంగతి ఇది. ఇండ్లు కట్టుకొనేవారికి మా సంస్థ అమ్మే టి.ఎం.టి. ఇనుమును గురించి ఒక కరపత్రం తయారయింది. ఇంగ్లీషులో ఒక ప్రతి, హిందీలో ఒక ప్రతి. రాయ్‌పూర్ అమ్మకాల విభాగం పరిధి దక్షిణాన బస్తర్ చివరిదాకా పోతుంది. సుక్మా జిల్లాలోని కోంటా, బీజాపూర్ జిల్లాలోని భోపాల్‌పట్నం వంటి సరిహద్దు ఊళ్ళలో తెలుగు మాట్లాడేవారు చాలామంది. కనుక తెలుగు ప్రతి కూడా కావాలన్నారు. ఈ మాట బయటికి పొక్కేసరికి ఆంధ్ర, తెలంగాణలలో అమ్మకాలు చూసే మిత్రులు కూడ "మాకూ అదే పంపండి" అన్నారు. అంటే ఒక్క కరపత్రం శ్రీకాకుళం నుండి అనంతపురం దాకా, గుంటూరు నుండి కరీంనగర్ దాకా నడవాలి. అచ్చువేయడానికి డబ్బు మాత్రం ఒక్క కరపత్రానికే ఉన్నది.

మొదట ఈ పనిని ఒక అనువాదకునికి అప్పగించారు. ఆ ప్రతి వచ్చిన రోజున విభాగాధికారి మమ్ములను పిలిచి, "మీరు తెలుగువారు గదా, ఒకసారి చూడండి" అన్నారు. చూశాము. అందులో ఒకచోట "నాలుగు దారముల చువ్వ" అని ఉన్నది! ఎంత ఆలోచించినా బోధపడక హిందీ ప్రతి తెప్పించుకొన్నాము. అక్కడ "చార్ సూత్ కా సరియా" అని ఉన్నది. ఛత్తీస్‌గఢ్‌లో మేస్త్రీలు చువ్వ లావును ఇప్పటికీ సూత్‌లలోనే చెప్పుకొంటారు. సూత్ అంటే దారమన్న మాట నిజమే. కాని పనివారి కొలతలో అది అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. రెండున్నర సూత్ అంటే 8 ఎం.ఎం., మూడు సూత్ అంటే 10 ఎం.ఎం., నాలుగు సూత్ అంటే 12 ఎం.ఎం. అనువాదకునికి భాష తెలుసు, పని తెలియదు. అధికారి నవ్వి, "అయితే ఇక మీరే వ్రాయండి" అన్నారు. మాకు పని తెలుసు గనుక భాష కూడా తెలుసునని ఆయన అనుకొన్నారు. నిజం చెప్పవలెనంటే, మేమూ అట్లే అనుకొన్నాము.

మాది తెనాలి ప్రాంతం. చిన్ననాటి నుండి పత్రికలలో చదివిన తెలుగు మా ఇంటి తెలుగుకు దగ్గరగా ఉండడం వల్ల, యాస అనేది ఇతరులకు ఉండేదే గాని మాకు లేదని ఒక నమ్మకం. ఆ నమ్మకంతోనే రెండు రాత్రులు కూర్చొని కరపత్రం పూర్తిచేశాము. తలకట్టుగా "ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు, కట్టే ముందు చువ్వ చూడండి" అని పెట్టాము. ఆ సామెత తెలియని తెలుగువారు లేరు గదా అని మాకు లోలోపల కొంత గర్వం కూడా కలిగింది.

ఒక ఆదివారం ముగ్గురు మిత్రులను ఇంటికి పిలిచాము. ఒకరు కరీంనగర్ వారు, లెక్కల విభాగంలో పనిచేస్తారు. ఒకరు అనంతపురం నుండి వచ్చిన వెల్డింగ్ తనిఖీ అధికారి. మూడవవారు మాకంటె పెద్దవారు. పార్వతీపురం దగ్గరి పల్లెనుండి విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం వెంట ఇక్కడికి వచ్చి, రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. కాగితం చదివి వినిపించి, "అర్థమైనదా?" అని అడిగాము. ముగ్గురూ "చక్కగా ఉన్నది" అన్నారు. మేము సంతోషించి కాఫీ తెమ్మన్నాము.

కాఫీ తెచ్చిన మా శ్రీమతి మాత్రం నిలబడి, "అర్థమైందా అని అడిగితే కాలేదనే వారెవరండీ? ఎవరికైనా కొత్త వంట చెప్పినప్పుడు నేను అట్లా అడగను. ముందు ఏం చేస్తావో నువ్వు చెప్పు అంటాను" అన్నది. మాట బాగున్నదని తోచి, ఈసారి ఒక్కొక్క వాక్యమే చదివి, "ఇది విన్నాక మీరు ఏమి చేస్తారు?" అని అడుగుతూ పోయాము. అప్పుడు గాని అసలు రంగు బయటపడలేదు.

కరపత్రం చివర "మా చువ్వలు మీ సమీప అంగడిలో లభించును" అని వ్రాశాము. కొట్టు అంటే మరీ ఇంటిమాటగా ఉంటుందని, గ్రంథాలలో కనిపించే అంగడి అన్న మాటను ఏరికోరి పెట్టాము. అనంతపురం మిత్రుడు "షాపుకు పోయి అడుగుతాను" అన్నారు. కరీంనగర్ మిత్రుడు తలగోక్కొని, "అంగడి మా దిక్కు వారానికి ఒక్కనాడు అయితది సార్. కూరగాయలు, గొర్లు అమ్ముతరు. ఇనుము అంగట్ల ఎవలు అమ్ముతరు?" అన్నారు. మా కోస్తాలో సంత అనేదానిని వారు అంగడి అంటారు. రాయలసీమలో అంగడి అంటే దుకాణమే. ఒకే మాట, ఒకే లిపి, రెండు చోట్ల రెండు అర్థాలు. తెలియని మాట కంటె ఇటువంటి మాట ప్రమాదకరమైనది. తెలియని మాట దగ్గర చదివేవాడు ఆగి అడుగుతాడు. తెలిసిందనుకొన్న మాట దగ్గర ఆగడు.

ఇంతకంటె పెద్ద పొరపాటు ఇంకొకటి ఉన్నది. అది వట్టి అమ్మకం విషయం కాదు, ఇంటి భద్రత విషయం. అందుకు కొంత ఇనుము కథ చెప్పవలసి ఉన్నది.

టి.ఎం.టి. చువ్వను మిల్లులోనుండి ఎర్రగా వస్తూండగానే నీటితో హఠాత్తుగా చల్లారుస్తారు. దానివలన పైపొర గట్టిపడుతుంది. లోపల మిగిలిన వేడి మెల్లగా పైకి వచ్చి ఆ పొరకు కొంత పదును తగ్గించి, పెళుసుదనం తీస్తుంది. అడ్డంగా కోసి నునుపుచేసి ఆమ్లం పూస్తే, చుట్టూ ముదురు రంగు వలయం, మధ్యలో లేత రంగు గుండె కనిపిస్తాయి. బయటి వలయం బలాన్నీ, లోపలి మెత్తదనం వంగే గుణాన్నీ ఇస్తాయి. అందువలన ఎర్రగా కాల్చి వంచితే ఆ వలయం బలం పోతుంది. ఒకచోట పదునుగా వంచి, మళ్ళీ అదే చోట సమ్మెటతో కొట్టి వెనుకకు తెస్తే పైపొర పగిలే అవకాశం ఉన్నది. ఐ.ఎస్. 1786 ప్రమాణంలో చువ్వను 135 డిగ్రీల లోపలి కోణం వచ్చేలా వంచి, మరిగే నీటిలో ఉంచి, కొంత వెనుకకు వంచి చూసే పరీక్ష ఒకటి ఉన్నమాట నిజమే. కాని అది తగిన లావు గల గుండ్రని అచ్చు మీద, యంత్రంతో మెల్లగా చేసేది. ఇంటి దగ్గర రాతిమీద పెట్టి కొట్టడం వేరు. పన్నెండు మీటర్ల చువ్వలను ఇరుకు దారుల కోసం మధ్యకు మడిచి బండ్లలో వేయడం మనం రోజూ చూసేదే. కనుక ఈ హెచ్చరిక కరపత్రంలో ఉండితీరాలి.

మేము వ్రాసిన వాక్యం: "వంగిన చువ్వను సాపు చేసి వాడరాదు." మా ప్రాంతంలో సాపు చేయడమంటే వంకర తీసి సమంగా చేయడం. కరీంనగర్ మిత్రుని "ఏం చేస్తారు?" అని అడిగితే, ఆయన తడుముకోకుండా, "వంగిన సలాకకు తుప్పు గిట్ల ఉంటే తుడువద్దు, అట్లనే వాడాలె" అన్నారు. మేము నిర్ఘాంతపోయాము. వారికి సాపు అంటే శుభ్రం. చేయవద్దన్న పని ఏమిటో తెలియలేదు సరిగదా, చేయకూడని పనికి అనుమతి దొరికినట్లయింది. మొదటిసారి "చక్కగా ఉన్నది" అన్న ముగ్గురిలో ఆయన కూడా ఒకరు. ఆ ఆదివారం మా శ్రీమతి కాఫీతోపాటు ఆ మాట తెచ్చి ఉండకపోతే, ఈ వాక్యం వేల ప్రతులలో అచ్చయిపోయి ఉండేది.

సరే, సాపు తీసివేసి ఏమి పెట్టడం? "తిన్నగా" అన్నాము. అది తమ ప్రాంతంలో అంతగా నడవదన్నారు. కరీంనగర్ మిత్రుడు "సక్కగ" అనమన్నారు. దానిని మేము "చక్కగా" అని వ్రాస్తే మా తెనాలిలో "వంగిన చువ్వను చక్కగా చేయకండి" అని చదివి, అందంగా చేయవద్దంటున్నారేమి అని నవ్వుతారు. "నిటారుగా" అన్నాము. అది నిలువుగా నిలబెట్టడమన్నారు పార్వతీపురం పెద్దాయన. గంటసేపు ఇట్లే గడిచింది. చివరకు అనంతపురం మిత్రుడు, "వంచడం అనే మాట అందరికీ ఒకటే కదా సార్. దానితోనే చెప్పలేమా?" అన్నారు. ఆ మాటతో ముడి విడిపోయింది. "ఒకసారి వంచిన చోట మళ్ళీ వెనక్కు వంచకండి" అని వ్రాశాము. వంకర లేకుండా ఉండడాన్ని చెప్పే మాటలో నాలుగు ప్రాంతాలకూ తగవు ఉన్నది గాని, చేసే పనిని చెప్పే క్రియలో లేదు. ప్రక్కన వంగిన చువ్వమీద సుత్తి ఎత్తిన బొమ్మ వేసి, దానిపై ఎర్రని గుణకారపు గుర్తు పెట్టించాము.

ఈ అనుభవంతో పనిని మేము మరల మొదటినుండి, ఇంజనీరు పద్ధతిలోనే, మొదలుపెట్టాము. కరపత్రంలోని ప్రతి నామవాచకాన్నీ ఒక పట్టికలో వ్రాసి, ఎదురుగా నలుగురం ఏమంటామో వ్రాశాము. ఇటువంటి పని పెద్దఎత్తున ఎప్పుడో జరిగిందని తరువాత తెలిసింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా సేకరింపజేసిన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించింది. పనిముట్ల పేర్లు ఎక్కడెక్కడ మారుతున్నవో చూసి, ఆయన తెలుగు నేలను నాలుగు మండలాలుగా గుర్తించారు: తూర్పున శ్రీకాకుళం, విశాఖ, మధ్యన గోదావరి, కృష్ణా, గుంటూరు, దక్షిణాన రాయలసీమ, నెల్లూరు, ఉత్తరాన తెలంగాణ. మా ఇంటి బల్లచుట్టూ కూర్చొన్న నలుగురం అనుకోకుండానే ఆ నాలుగు మండలాల వారమయ్యాము. అంతకంటె మాకు నచ్చిన సంగతి, ఆ పండితులు భాషను తెలుసుకోవడానికి పుస్తకాల దగ్గరకు గాక పనివారి దగ్గరకు పోవడం.

పట్టిక పూర్తయిన తరువాత చూస్తే, మేము భయపడినంత భేదం లేదు. ఇల్లు, పునాది, ఇనుము, ఇసుక, కంకర, సిమెంటు, ఇవి అందరివీ. పలుకుబడి కొంచెం మారినా చదివితే అందరికీ తెలుస్తుంది. స్లాబు, సెంట్రింగు, రింగులు, డీలరు, ఇవి ఇంగ్లీషు నుండి వచ్చినా అందరి నోటా ఉన్నవి. ఇక్కడ మా అభిమానం కొంత దెబ్బతిన్నది. "ఉక్కు కడ్డీలు", "విక్రయదారు" అని మేము శ్రమపడి పెట్టిన అచ్చతెలుగు, సంస్కృతపు మాటలు నలుగురిలో ఏ ఒక్కరూ ఇంటిదగ్గర అనేవి కావు. "రింగు" అంటే మాత్రం శ్రీకాకుళం మేస్త్రీకీ, హిందూపురం మేస్త్రీకీ ఒకే వస్తువు కళ్ళముందు మెదులుతుంది. అంగడిని తీసివేసి డీలరును ఉంచాము.

మరికొన్ని మాటలను వాక్యం మార్చి తప్పించాము. "చౌక" అని మేము వ్రాసినచోట తెలంగాణలో "అగ్గువ" అంటారు. అదీగాక, ఇంటి ఇనుము చౌక అంటే నాసిరకమేమో అన్న అనుమానం ఎక్కడైనా కలుగుతుంది. "ధర డీలరు దగ్గర వ్రాసి ఉంటుంది, తూకం వేయించుకొని కొనండి" అని మార్చాము. 12 ఎం.ఎం. చువ్వ మీటరుకు సుమారు 0.89 కిలో తూగాలి. లావును మిల్లీమీటర్లలో తీసుకొని, దానిని దానితోనే హెచ్చించి, 162 చేత భాగిస్తే మీటరు బరువు కిలోలలో వస్తుంది. ఆ లెక్క మాత్రం ఏ యాసలోనైనా ఒకటే.

చివరకు తప్పించలేని మాటలు రెండే మిగిలాయి. ఒకటి వస్తువు పేరు, రెండవది మనిషి పేరు. మేము చువ్వ అన్నదానిని కరీంనగర్ మిత్రుడు సలాక అన్నారు, అనంతపురం మిత్రుడు కమ్మి అన్నారు. చువ్వ అంటే తమ ఊరిలో ముందుగా కిటికీ చువ్వ గుర్తుకు వస్తుందని కూడా ఆయన చెప్పారు. ఇక ఇల్లు కట్టే మేస్త్రీ మాకు తాపీ మేస్త్రి, తెలంగాణ వారికి సుతారి మేస్త్రి, సీమవారికి బేల్దారి మేస్త్రి. పార్వతీపురం పెద్దాయన తమకు చువ్వ, తాపీ మేస్త్రి అంటే చాలునన్నారు. కరపత్రం చదివేవాడు కొనబోయే వస్తువునూ, తాను నమ్మే మనిషినీ వేరే పేరుతో పిలిస్తే, అది తనకోసం వ్రాసిన కాగితం కాదనుకొంటాడు. కాబట్టి మూడు ప్రతులు వేయాలి. మూడింటికీ తేడా రెండు మాటలే.

రెండు మాటలే గదా, ఒకదాని స్థానంలో ఇంకొకటి పెడితే సరిపోతుందనుకొన్నాము. కంప్యూటరు దగ్గర కూర్చొన్న కుర్రవాడు ఒక్క నిమిషంలో చువ్వ అన్నచోటనెల్లా కమ్మి అని మార్చాడు. చూస్తే "కమ్మిను కాల్చి", "కమ్మికు తుప్పు" అని తయారయింది! చువ్వకు ను, కు వస్తాయి. కమ్మి ఇకారంతో ముగిసే మాట గనుక దానికి ని, కి రావాలి. మూడు ప్రతులను విడివిడిగా దిద్దితే ఎక్కడో ఒక తప్పు మిగిలిపోతుంది. ఆలోచించగా దారి దొరికింది. చువ్వలు, సలాకలు, కమ్మీలు అని బహువచనంలోకి మారిస్తే, ఆ తరువాత లను, లకు, లతో అన్నీ ఒకటే. కరపత్రమంతా బహువచనంలో తిరిగి వ్రాశాము. తలకట్టులో మాత్రం ఏకవచనం ఉంచాము. "చువ్వ చూడండి", "సలాక చూడండి", "కమ్మి చూడండి" అన్నచోట ప్రత్యయం అవసరమే లేదు. మేస్త్రి మూడు పేర్లలోనూ చివరనే ఉన్నాడు గనుక ఆయన మమ్ములను ఇబ్బందిపెట్టలేదు.

అచ్చు ఖర్చు సంగతి కూడా ఇట్లే తేలింది. రంగుల అచ్చుకు నీలం, ఎరుపు, పసుపు, నలుపు అని నాలుగు ప్లేట్లు ఉంటాయి. అక్షరాలన్నీ ఒట్టి నలుపులో ఉంటే, ప్రతి మారినప్పుడు నలుపు ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు. బొమ్మల తక్కిన మూడు ప్లేట్లూ అట్లే ఉంటాయి. మా చిత్రకారుడు తలకట్టును నీలం నేలమీద తెల్ల అక్షరాలతో వేశాడు. అట్లయితే అక్షరం మారినప్పుడల్లా నీలం ప్లేటు కూడా మారాలి. అతనిని బ్రతిమాలి లేత పసుపు నేలమీద నల్ల అక్షరాలు వేయించాము. బేల్దారి అన్నది తాపీ కంటె పొడుగు మాట గనుక ఆ వరుసలో కొంత చోటు ఖాళీగా విడిపించాము. ఈ విధంగా ఒక్క కరపత్రం ఖర్చుకు రెండు నలుపు ప్లేట్లూ, వాటిని మార్చే కూలీ మాత్రమే కలిసి, మూడు ప్రతులు సిద్ధమయ్యాయి.

ఈ దశలో అమ్మకాల విభాగంలోని ఒక యువ అధికారికి ఒక ఉత్సాహం కలిగింది. "నామవాచకాలే ఎందుకు? మొత్తం యాసలోనే వ్రాయండి. తెలంగాణకు 'చూడుండ్రి, కొనుండ్రి' అని పెడితే మనవాళ్ళే అనుకొంటారు" అన్నారు. మాకూ ముచ్చటగా తోచి ఒక ప్రతి వ్రాసి కరీంనగర్ మిత్రునికి చూపించాము. ఆయన చదివి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "ఇంట్ల మేము ఇట్లనే మాట్లాడుకుంటం సార్. మా దిక్కు మనిషి రాస్తే మస్తు సంతోషపడుత. కని మీరు రాసిన కాగితంల ఇది చూస్తే మమ్ముల ఎక్కిరించినట్టు కొడ్తది" అన్నారు. పార్వతీపురం పెద్దాయన అందుకొని, "మా మాట సినిమాల్లో నవ్వించడానికే వాడినారు బాబూ. ఇల్లు కట్టుకునేవాడితో నవ్వులాటేల?" అన్నారు.

ఆ మాటలు మా మనస్సులో నాటుకొన్నవి. తాను వాడే వస్తువు పేరును ఎదుటివాడు తెలుసుకొని పలకడం మర్యాద. తాను పలికే తీరును ఎదుటివాడు అనుకరించడం వేళాకోళం. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడున్నదో ఆ రోజున తెలిసింది. క్రియలను "చూడండి, కొనండి, వంచకండి" అని అందరూ బడిలో చదివిన రూపంలోనే ఉంచాము. అది కూడా మా కోస్తా వైపునుండి వచ్చిన రూపమేనని, అదే అందరిదీ అనుకొనే అలవాటు మాదేనని ఒప్పుకొంటూనే ఉంచాము.

2018 ఫిబ్రవరిలో సలాక ప్రతుల కట్ట ఒకటి పట్టుకొని భోపాల్‌పట్నం వెళ్ళాము. జగదల్‌పూర్ దాకానే సుమారు 300 కిలోమీటర్లు. అక్కడినుండి బీజాపూర్ మీదుగా ఇంకా చాలా దూరం. గోదావరి అవతల తెలంగాణ. ఇనుము దుకాణం ముందు ఒక మేస్త్రీ కూర్చొని ఉన్నాడు. మాతో చక్కని తెలుగులో, మా కరీంనగర్ మిత్రుని తెలుగుకు దగ్గరగా ఉండే మాటతో, మాట్లాడాడు. కరపత్రం చేతికిచ్చాము. ఆయన ముందుకూ వెనుకకూ త్రిప్పి, బొమ్మలు చూసి, తిరిగి ఇస్తూ, "నాకు తెలుగు అక్షరాలు రావు సార్. మేం చదివింది హిందీల" అన్నాడు.

నాలుగు మాసాలు మాటలతో కుస్తీపట్టిన మాకు ఆ ఒక్క సంగతి ముందుగా తట్టలేదు. ఎవరికోసం ఈ పని మొదలైనదో, వారిలో చాలామందికి తెలుగు నోటిదే గాని కంటిది కాదు. దుకాణదారుడు మాత్రం అవతలి ఒడ్డున చదువుకొన్నవాడు. అతడు కాగితం అందుకొని బిగ్గరగా చదివాడు. "సలాకలను కాల్చి వంచకండి. ఒకసారి వంచిన చోట మళ్ళీ వెనక్కు వంచకండి." మా శ్రీమతి సూత్రం ప్రకారం, "విన్నావు గదా, ఏం చేస్తావు?" అని అడిగాము. మేస్త్రీ లేచి, దుకాణం ప్రక్కన మడిచి వేసిన చువ్వల దగ్గరకు వెళ్ళి, మడత చోట వేలుపెట్టి, "గీ జాగ కోసి పక్కకు పెట్టాలె. కొట్టి మళ్ళ తీయద్దు" అన్నాడు. వాక్యం పనిచేసింది, లిపి పనిచేయలేదు.

తిరిగి వచ్చి బస్తర్ కోసం నాలుగవ నలుపు ప్లేటు చేయించాము. మాటలు అవే తెలుగు మాటలు. అక్షరాలు మాత్రం దేవనాగరి. హిందీకి తెలుగులోని పొట్టి ఎ, ఒ లకు విడిగా వాడుకలో అక్షరాలు లేవు గనుక కొన్నిచోట్ల చదవడం తడబడుతుంది. అటువంటి మాటలను వీలైనంత తగ్గించాము. ఇది భాషాభిమానులకు రుచించకపోవచ్చు. కాని తెలుగు మాట అందడమా, తెలుగు అక్షరం అందడమా అని ఒకటే కోరుకోవలసి వచ్చినచోట, స్లాబు క్రింద పడుకొనే మనిషిని తలచుకొని మాటనే కోరుకొన్నాము.

ఇంటికి వచ్చిన రాత్రి నాలుగు ప్రతులనూ బల్లమీద పరచి ఉంచాము. మా చిన్నమ్మాయి రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగింది. ఇంట్లో మాతో తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. మేము నేర్పలేదు, అంతే. అది వచ్చి తెలుగు ప్రతులను జరిపి, దేవనాగరి ప్రతిని తీసుకొని కూడబలుక్కొంటూ చదివింది. "నాన్నా, సలాక అంటే సలాఖ్ కదా? ఇది నాకు తెలుసు. చువ్వ అని మీరంటారే, అదేనా?" అని అడిగింది. అవునన్నాము. సలాకను తెలంగాణ వారి ఉర్దూ మాట అని అంతదాకా అనుకొన్న మేము, ఆ రాత్రే నిఘంటువు తీసి చూస్తే, అది సంస్కృతంలోని శలాకకు వికృతి అని ఉన్నది. మాకంటె ముందు మా అమ్మాయికి అందిన తెలుగు మాట అది.

కరపత్రాలు ఎప్పుడో పంచడం అయిపోయింది. వంచిన చోట తిరిగి వంచని ఇండ్లు ఎన్ని లేచాయో లెక్క తెలియదు. ఆ నాలుగు కాగితాలలో ఒక్కొక్కటి మాత్రం మా బల్ల అద్దం క్రింద ఉన్నవి. వాటి ప్రక్కన, ఆ మరుసటి ఆదివారం నుండి మా అమ్మాయి వంకరటింకరగా దిద్దిన అక్షరమాల కాగితం కూడా ఉన్నది.